దస్తూరీ ఒక్కటే చాలదు

వీలునామా రాయడానికి ప్లీడరు అక్కర్లేదు. స్టాంపు కాగితం అక్కర్లేదు. రిజిస్ట్రేషను కూడా తప్పనిసరి కాదు. తెల్లకాగితం మీద మీ కలంతో, మీకు వచ్చిన తెలుగులో రాసుకోవచ్చు. ఇంత స్వేచ్ఛ ఇచ్చిన చట్టం ఒక్కచోట మాత్రం పట్టు విడవదు. మీరు సంతకం పెట్టారనడానికి ఇద్దరు సాక్షులు ఉండి తీరాలి. 1925 నాటి భారత వారసత్వ చట్టంలో 63వ సెక్షన్ ఈ మాట చెబుతుంది. హిందువులు 1927 జనవరి 1 నుంచి రాసిన ప్రతి వీలునామాకూ ఇది వర్తిస్తుంది. క్రైస్తవులకూ ఇదే నియమం. ముస్లింల వీలునామాలకు వాళ్ల ధర్మశాస్త్రం వేరుగా ఉంది కాబట్టి ఈ సెక్షన్ వాళ్లకు వర్తించదు.

ఈ అధ్యాయం ఆ ఒక్క నియమం గురించే. సెక్షన్ చదివినప్పుడు అంతా తెలిసినట్టే ఉంటుంది. ఎక్కడ జారిపడతామో మాత్రం చదివితే తెలియదు, ఒక కేసు మొదటి నుంచి చివరిదాకా చూస్తే తెలుస్తుంది. అందుకే ముందు ఒక కథ చెబుతాను. ఇందులో మనుషులు కల్పితం. చట్టం మాత్రం ఉన్నదున్నట్టే.

తెనాలిలో ఒక పెద్దావిడ. డెబ్బై ఎనిమిదేళ్లు. సంక్రాంతికి హైదరాబాదు నుంచి వచ్చిన కూతురి కొడుకుని దగ్గర కూర్చోబెట్టుకుని, బీరువాలోంచి రెండు కాగితాలు తీసి చేతికిచ్చింది. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా ఆవిడ సొంత దస్తూరీ. ఒక్క కొట్టివేత కూడా లేదు. ఇల్లు కూతురికి, పల్లెలో ఉన్న ఎకరంన్నర మాగాణి కొడుక్కి, బంగారం మనవరాళ్లిద్దరికీ సమానంగా. కింద తేదీ వేసే చోటూ సంతకం పెట్టే చోటూ ఖాళీగా వదిలింది.

కుర్రాడు రెండుసార్లు చదివాడు.

"చక్కగా రాశావు అమ్మమ్మా. ఇంక సంతకం పెట్టేస్తే అయిపోతుంది."

"సాక్షులిద్దరూ రావాలి కదరా. వాళ్లు ఎదురుగా కూర్చున్నాకే పెడతాను."

"టైపు కొట్టించిన కాగితమైతే సాక్షులు కావాలేమో. దీనికెందుకు? ప్రతి అక్షరం నీదేనాయె. నువ్వు రాసిన ఉత్తరాలు అమ్మ దగ్గర బోలెడున్నాయి. రేపు ఎవరైనా కాదంటే పక్కన పెట్టి చూపిస్తే సరిపోతుంది. టెక్సాస్‌లో ఉన్న బాబాయి చెప్పాడు, అక్కడ మొత్తం సొంత చేత్తో రాసి సంతకం పెడితే సాక్షులు లేకపోయినా చెల్లుతుందంట."

"చెల్లుతుందేమో, వాళ్ల చట్టం వాళ్లది. నా ఇల్లు తెనాలిలో ఉంది. ఇక్కడి ఇంటికి ఇక్కడి చట్టమే. అయినా దస్తూరీ సంగతి నాకు చెప్పకు. మా మావయ్య దస్తూరీ చూసుంటే ఆ మాట అనేవాడివి కాదు."

మనవడికి ఆ మావయ్య గురించి అంతవరకూ ఎవరూ చెప్పలేదు. ఆవిడ చెప్పుకొచ్చింది.

"మా అమ్మకి అన్న. బడిపంతులు. ఊళ్లో సగం మందికి ఆయనే అక్షరాలు దిద్దించాడు. మా నాన్న పోయాక అమ్మనీ నన్నూ తన ఇంటికి తెచ్చుకున్నాడు. అప్పటికి మా అత్తయ్య పోయింది. కొడుకులిద్దరూ ఉద్యోగాలకి వెళ్లిపోయారు. పన్నెండేళ్లు మా అమ్మే ఆయనకి వండిపెట్టింది. ఉబ్బసం వచ్చినప్పుడు రాత్రంతా పక్కన కూర్చునేది. ఆ ఇల్లు ఆయన జీతం డబ్బుతో కొన్నది, తాతల ఆస్తి కాదు. అందుకని, ఇల్లూ వెనక దొడ్డీ నా చెల్లెలికి, పొలం నా కొడుకులిద్దరికీ అని వీలునామా రాశాడు. రెండు పేజీలు. ముత్యాల్లాంటి అక్షరాలు. రెండు పేజీల కిందా సంతకం."

"సాక్షుల్ని పెట్టలేదా?"

"పెట్టాడు. ఇద్దర్నీ పెట్టాడు. అదేరా నేను చెప్పొచ్చేది. కాగితం చూస్తే ఏ లోపమూ కనపడదు. మొదటి సాక్షి మా పక్కింటి పోస్టుమాస్టరు గారు. మావయ్య ఆయన్ని పిలిచి, ఆయన చూస్తుండగా సంతకం పెట్టాడు. ఆయన కూడా అక్కడే, మావయ్య ఎదురుగానే సాక్షి సంతకం పెట్టాడు. ఇంతవరకూ ఏ లోటూ లేదు. రెండో సాక్షిగా కిరాణా కొట్టు ఆయన్ని అనుకున్నారు. ఆ రోజు వాన పడుతోంది. మావయ్యకి ఆయాసంగా ఉంది. కాగితం మడిచి మా అమ్మ చేతికిచ్చి, నువ్వెళ్లి ఆయన చేత సంతకం పెట్టించుకురా అన్నాడు. అమ్మ వెళ్లింది. కొట్టాయన మావయ్య శిష్యుడే. కాగితం విప్పి చూసి, మాస్టారి చేతిరాత నాకు తెలియనిదా అని గల్లాపెట్టె మీద పెట్టి సంతకం చేసేశాడు. అమ్మ తెచ్చి పెట్టెలో దాచింది."

"అయితే ఇద్దరు సాక్షులూ ఉన్నట్టే కదా."

"మేమూ అలాగే అనుకున్నాం. మావయ్య ఇంకో రెండేళ్లు బతికాడు. ఆ రెండేళ్లలో కొట్టాయన మా ఇంటి ముందు నుంచి రోజూ వెళ్లేవాడు. ఒక్కసారి లోపలికి పిలిచి కాగితం సరిచేసి ఉంటే అయిపోయేది. సరిచేయాలని ఎవరికి తెలుసు?"

మావయ్య పోయాక కొడుకులిద్దరూ ఇల్లు మాదంటూ మునసబు కోర్టులో దావా వేశారు. అమ్మమ్మ వాళ్లమ్మ ఆ వీలునామా దాఖలు చేసింది. కొడుకులు అది దొంగ కాగితం అనలేదు. దస్తూరీ మా నాన్నదే, సంతకమూ మా నాన్నదేనని కోర్టులోనే ఒప్పుకున్నారు. అక్కడ మనవడు ఆశగా తలెత్తాడు.

"మరింకేం? ఒప్పుకున్నాక కేసు గెలిచినట్టే కదా."

"మా అమ్మ కూడా ఆ రోజు ఇంటికొచ్చి దేవుడి దగ్గర దీపం పెట్టింది. ఆ తర్వాతి వాయిదాకి సాక్షులు బోనెక్కారు. పోస్టుమాస్టరు గారు ఉన్నది ఉన్నట్టు చెప్పాడు, ఏ ఇబ్బందీ రాలేదు. తర్వాత కొట్టాయన ఎక్కాడు. అవతలి ప్లీడరు గట్టిగా గదమాయించలేదు, మెలికలు పెట్టలేదు. నెమ్మదిగా మూడే ప్రశ్నలు వేశాడు. మాస్టారు సంతకం పెడుతుంటే మీరు చూశారా? చూడలేదండీ. ఇది నా సంతకమేనని మాస్టారు మీతో స్వయంగా ఎప్పుడైనా చెప్పారా? చెప్పలేదండీ, చెప్పక్కర్లేదు, నాకు తెలుసు. మీరు సంతకం పెట్టేటప్పుడు మాస్టారు మీ ఎదురుగా ఉన్నారా? లేరండీ, ఆయనకి ఒంట్లో బాగాలేదు, చెల్లెలమ్మ గారు తెచ్చారు. అంతే. ఆయన ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. నిజం చెప్పాడు, ఇల్లు పోయింది."

మనవడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఇది అన్యాయం కదా అన్నాడు.

ఆవిడ కూడా ఆ వయసులో తన ప్లీడరు గారిని అదే అడిగిందట. ఆయన వరండాలో కూర్చోబెట్టి వివరంగా చెప్పాడు. ఇన్నేళ్లయినా ఆ మాటలు ఆవిడకి గుర్తున్నాయి.

"ఆయన ఏమన్నాడంటే, అమ్మాయ్, అమ్మకం దస్తావేజు మీద తగాదా వస్తే అమ్మినవాడే బోనెక్కుతాడు. నేనే అమ్మాను అనో, నా చేత బలవంతంగా పెట్టించారు అనో వాడే చెబుతాడు. వీలునామా అలా కాదు. రాసినవాడు పోయాకే అది కోర్టుకి వస్తుంది. దాని గురించి అడగాల్సిన మనిషి మాత్రం రాలేడు. ఆ మనిషి బదులు నిలబడి, ఆయన ఈ కాగితం మీద తెలిసి సంతకం పెట్టాడు, మేం చూశాం అని చెప్పేవాళ్లే సాక్షులు. చూడనివాడు ఏం చెబుతాడు?"

"దస్తూరీ చెబుతుంది కదా అమ్మమ్మా."

"దస్తూరీ ఏం చెబుతుందో ఆలోచించు. ఎవరు రాశారో చెబుతుంది. ఆ మనసు అక్కడితో స్థిరపడిందో లేదో చెప్పదు. మనిషి ఊరికే రాసి చూసుకున్న చిత్తు కూడా ఆయన దస్తూరీలోనే ఉంటుంది. జ్వరం మగతలో రాసిందీ ఆయన దస్తూరీయే. పక్కన ఎవరో కూర్చుని ఇలా రాయి, అలా రాయి అని రాయించిందీ ఆయన దస్తూరీయే. ఇద్దరు బయటివాళ్లని పిలిచి, వాళ్ల ఎదురుగా సంతకం పెట్టి, మీరూ పెట్టండి అన్నాడంటే, అది ఇంక చిత్తు కాదు, ఇదే నా చివరి మాట అని నలుగురి మధ్యా చెప్పినట్టు."

"సరే. ఒకరైతే చాలదా? ఇద్దరెందుకు?"

"ఒక్కడే ఉంటే అంతా ఆ ఒక్కడి మీదే నిలబడుతుంది. వాడు పోవచ్చు, దేశాలు పట్టి పోవచ్చు, ఎవరైనా నాలుగు డబ్బులిస్తే మాట మార్చొచ్చు. ఇంకోటి కూడా ఉంది. ఒక్కడు అబద్ధం ఆడటం తేలిక. ఇద్దర్ని విడివిడిగా నిలబెట్టి, ఏ గదిలో కూర్చున్నారు, ముందు ఎవరు పెట్టారు, ఇంకెవరున్నారు అని అడిగితే ఒకే అబద్ధం ఇద్దరి నోటా ఒకేలా రావడం కష్టం. నిజమైతే ఎన్నిసార్లు అడిగినా ఒకేలా వస్తుంది."

ఇంతకీ కేసు ఓడిపోయాక జరిగింది ఏమిటి? వీలునామా రుజువు కానప్పుడు, మనిషి అసలు వీలునామా రాయకుండా పోయినట్టే లెక్క. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం మగవాడి ఆస్తి ముందు మొదటి తరగతి వారసులకు పోతుంది. భార్య, కొడుకులు, కూతుళ్లు, తల్లి అందులో ఉన్నారు. చెల్లెలు రెండో తరగతిలో ఉంది. మొదటి తరగతిలో ఒక్కరున్నా రెండో తరగతికి నయాపైసా రాదు. భార్య ముందే పోయింది కాబట్టి ఇల్లు కొడుకులిద్దరికీ చెరిసగం వచ్చింది. పన్నెండేళ్లు సేవ చేసిన చెల్లెలికి ఆ ఇంట్లో ఒక గది కూడా దక్కలేదు. తల్లీ కూతుళ్లు తెనాలి వచ్చి అద్దె ఇంట్లో చేరారు.

"మా అమ్మ ఆ కొట్టాయన్ని ఎప్పుడూ తిట్టలేదు" అంది ఆవిడ. "కాగితం తీసుకెళ్లింది నేనే కదా అనేది. మావయ్య ఒక్కసారి ఆయన్ని ఇంటికి పిలిపించి, ఇదుగో ఇది నా సంతకం, నువ్వూ పెట్టు అని ఉంటే చాలు. ఇద్దరు సాక్షులూ ఒకేసారి ఉండాలని కూడా చట్టం అడగదు. పోస్టుమాస్టరు గారు పొద్దున, కొట్టాయన సాయంత్రం వచ్చినా చెల్లేది. వచ్చి ఉండాలి, అంతే."

మనవడు కాగితాలు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. "అయితే ఒక సాక్షిని నేనే. నువ్వు ఇప్పుడే నా ఎదురుగా పెట్టు."

"నువ్వొద్దు."

"ఎందుకని? చట్టం ఒప్పుకోదా?"

"ఒప్పుకుంటుంది. కానీ ఇల్లు మీ అమ్మకి రాశాను. రేపు మీ మావయ్యకి ఎవరైనా నూరిపోసి, ఇంటి కోసం కొడుకే పక్కన కూర్చుని రాయించాడు అంటే, జడ్జీ గారికి కూడా అనుమానం వస్తుంది. లాభం ఉన్నవాడు సాక్షి అయితే వాడు నిజం చెప్పినా వినేవాడు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు. నాకు ఆ మాట పడేది లేదు."

"నేను ఫోన్‌లో వీడియో తీస్తాను మరి. నువ్వు సంతకం పెట్టేదీ వాళ్లు పెట్టేదీ అంతా ఉంటుంది."

"తియ్యి. నేను తెలివిగా ఉన్నానని చూపించడానికి పనికొస్తుంది. కానీ వీడియో ఉందని సాక్షుల్ని మానేస్తే మళ్లీ మావయ్య కథే."

ఆవిడ ఎంచుకున్న సాక్షులు ఇద్దరూ ఆవిడ కంటే చాలా చిన్నవాళ్లు. ఒకరు అదే వీధిలో ఉండే డాక్టరమ్మ. ఇంకొకరు ఎదురింట్లో ఉండే హైస్కూలు మాస్టారు. ఇద్దరికీ ఆ ఆస్తితో ఏ సంబంధమూ లేదు. భోగి మర్నాడు సాయంత్రం ఇద్దరూ వచ్చి కూర్చున్నారు. ఆవిడ వీలునామాలో ఏముందో వాళ్లకి చదివి వినిపించలేదు, చదవమనీ అనలేదు. మొదటి పేజీ మీద ఒక న్యూస్‌పేపరు కప్పింది. సాక్షి చూడాల్సింది సంతకం పెట్టడాన్ని, ఎవరికి ఏం రాశారన్నది కాదు. ఆస్తి సంగతి ఆవిడ రహస్యంగానే ఉంచుకోవచ్చు.

"ఇది నా వీలునామా. నా అంతట నేను రాసుకున్నాను. మీరిద్దరూ చూస్తుండగా సంతకం పెడుతున్నాను" అని చెప్పి, తేదీ వేసి, రెండు పేజీల కిందా సంతకం పెట్టింది. డాక్టరమ్మ పెట్టింది. తర్వాత మాస్టారు పెట్టారు. ఇద్దరూ పెట్టేదాకా ఆవిడ కుర్చీలోంచి లేవలేదు. లోపల కుక్కర్ కూత వేస్తే స్టవ్ ఆపి రమ్మని మనవణ్ణి పంపింది.

కథ ఇంతే. ఇక ఆ సాయంత్రం ఆవిడ చేసిన పనుల్లో చట్టం అడిగింది ఏది, ఆవిడ జాగ్రత్త కోసం చేసింది ఏది అన్నది విడదీసి చెబుతాను. ఈ రెండూ కలిసిపోవడం వల్లే చాలామంది అక్కర్లేనివి చేసి అవసరమైంది వదిలేస్తారు.

చట్టం అడిగేవి ఇవి. వీలునామా రాసినవారు సంతకం పెట్టాలి, లేదా వేలిముద్ర వేయాలి. చేయి పనిచేయని స్థితిలో ఉంటే వారి ఎదురుగా, వారు చెప్పగా ఇంకొకరు పెట్టవచ్చు. ప్రతి సాక్షీ ఆ సంతకం పెట్టడాన్ని చూసి ఉండాలి, లేదా ఇది నా సంతకమేనని రాసినవారి నోటి నుంచే విని ఉండాలి. ఆ తర్వాత ప్రతి సాక్షీ రాసినవారి ఎదురుగా తన సంతకం పెట్టాలి. కొట్టాయన్ని ఆ ప్లీడరు అడిగిన మూడు ప్రశ్నలూ ఇక్కడి నుంచి వచ్చినవే. మొదటి రెండింట్లో ఒక్కదానికైనా అవును అనగలగాలి. మూడోదానికి అవును అనక తప్పదు. ఇద్దరూ ఒకేసారి అక్కడ ఉండడం, ప్రతి పేజీలో సంతకం, సాక్షుల చిరునామాలు, ఫలానా మాటలే రాయాలన్న నమూనా, ఇవేవీ చట్టం అడగలేదు.

అయినా ఇద్దర్నీ ఒకేసారి కూర్చోబెట్టమనే నేను చెబుతాను. దీనికి కారణం కోర్టులో రుజువు చేసే పద్ధతి. సాక్ష్య చట్టం ప్రకారం సాక్షుల్లో కనీసం ఒకరు బతికి ఉండి, సాక్ష్యం చెప్పగల స్థితిలో ఉంటే, ఆ ఒకరినైనా పిలిచి తీరాలి. 1872 చట్టంలో ఇది 68వ సెక్షన్. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 67వ సెక్షన్. ఒక్కరు వస్తే చాలు అన్నాం కదా, కానీ ఆ ఒక్కరు తన సంతకం గురించే చెప్పి ఊరుకుంటే చాలదు. రెండో సాక్షి కూడా పద్ధతి ప్రకారం పెట్టాడని చెప్పగలగాలి. జానకీ నారాయణ్ భోయిర్ కేసులో 2002 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. అక్కడ కోర్టుకు వచ్చిన సాక్షి రెండో సాక్షి సంతకం గురించి చెప్పలేకపోయాడు. రెండో ఆయన బతికే ఉన్నా పిలవలేదు. వీలునామా నిలబడలేదు. పొద్దున ఒకరు, సాయంత్రం ఒకరు పెట్టిన కాగితం చట్టప్రకారం మంచిదే. కానీ ఇరవై ఏళ్ల తర్వాత వాళ్లలో ఒక్కరే మిగిలితే, ఆ ఒక్కరు రెండోవారి గురించి ఏమీ చెప్పలేరు. ఒకే గదిలో కూర్చుని పెట్టి ఉంటే ఎవరు మిగిలినా ఇద్దరి సంగతీ చెప్పగలరు.

సాక్షులు మీ కంటే చిన్నవాళ్లయి ఉండడం కూడా ఇందుకే. ఇద్దరూ పోతే దారి పూర్తిగా మూసుకుపోదు. ఒక సాక్షి చేతిరాతనూ, రాసినవారి సంతకాన్నీ గుర్తుపట్టగలవాళ్లను తెచ్చి రుజువు చేయవచ్చు. అయితే ఆ గుర్తుపట్టేవాళ్లను వెతకడమే పెద్ద పని. ముప్పై ఏళ్లు దాటిన పాత పత్రాలను నిజమైనవిగా భావించే సౌలభ్యం సాక్ష్య చట్టంలో ఉంది గానీ, అది వీలునామాలకు వర్తించదని సుప్రీంకోర్టు చెప్పింది. కాగితం పాతబడినంత మాత్రాన బలపడదు. అందుకే సాక్షి పేరు, తండ్రి పేరు, వయసు, ఇంటి చిరునామా పొడి అక్షరాల్లో రాయించండి. గొలుసుకట్టు సంతకం ఒక్కటే ఉంటే మీ పిల్లలు ఆ మనిషి ఎవరో కనుక్కోవడానికే అవస్థ పడతారు.

సంతకాల పైన ఒక పేరా రాయడం మంచిది. చట్టం దీన్ని అడగదు, కానీ సాక్షికి ఏళ్ల తర్వాత జ్ఞాపకం తెప్పించడానికి ఇంతకంటే మంచిది లేదు. ఇలా రాయవచ్చు: "పై వీలునామా మీద వ్రాసినవారు ఈ రోజు మా ఇద్దరి ఎదుట సంతకం చేయగా మేము చూచినాము. ఆ పిమ్మట వారి ఎదుటనే మేమిరువురమూ సాక్షులుగా సంతకములు చేసినాము." దీని కింద ఇద్దరి వివరాలూ, తేదీ.

లాభం పొందేవారు సాక్షిగా ఉండటం గురించి అమ్మమ్మ చెప్పింది హిందువుల విషయంలో సరైనదే. చట్టం అడ్డు చెప్పదు, అనుమానం మాత్రం మిగులుతుంది. క్రైస్తవ పాఠకులు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అదే వారసత్వ చట్టంలో 67వ సెక్షన్ వాళ్లకు వర్తిస్తుంది. దాని ప్రకారం సాక్షి సంతకం పెట్టినవారికి గానీ, వారి భార్యకు లేదా భర్తకు గానీ వీలునామాలో రాసింది చెల్లదు. మిగతా వీలునామా నిలబడుతుంది, వాళ్ల వాటా మాత్రం పోతుంది. అల్లుణ్ణి సాక్షిగా పెట్టి కూతురికి ఇల్లు రాస్తే కూతురికి ఆ ఇల్లు వీలునామా ద్వారా రాదు. ఈ సెక్షన్ హిందువులకు వర్తించే జాబితాలో లేదు. ఈ తేడా తెలియక పొరుగింటివాళ్లను చూసి రాసుకోవడం ప్రమాదం.

రిజిస్టరు చేయిస్తే సాక్షుల బెడద తీరుతుందని చాలామంది నమ్ముతారు. తీరదు. రిజిస్ట్రేషను మంచిదే. కాగితం పోకుండా ఉంటుంది, తేదీ మీద తగాదా ఉండదు. కానీ రిజిస్టరైన వీలునామాకీ ఇద్దరు సాక్షులు కావాలి. కోర్టులో దాన్ని కూడా సాక్షితోనే రుజువు చేయాలి. సబ్ రిజిస్ట్రారు దగ్గర మిమ్మల్ని గుర్తించడానికి వచ్చినవాళ్లు కూడా సంతకాలు పెడతారు. అవి మీరెవరో చెప్పే సంతకాలు. అవి సాక్షి సంతకాలతో సమానమని దానంతట అదే అనుకోవడానికి వీల్లేదని 1955లో గిరిజాదత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆఫీసుకు వెళ్లేముందే వీలునామా కింద ఇద్దరు సాక్షుల సంతకాలూ మీ ఎదుట పూర్తి కావాలి.

ఇంకొక్కటి. సంతకాలన్నీ అయ్యాక మనసు మారి, ఒక పేరు కొట్టేసి పైన ఇంకో పేరు రాయడం ఇళ్లల్లో మామూలు. మీ సొంత దస్తూరీయే అయినా ఆ దిద్దుబాటు దగ్గర మళ్లీ మీ సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు లేకపోతే అది లెక్కలోకి రాదు. కొట్టేసిన పేరు ఇంకా చదవడానికి వీలుగా ఉంటే పాత పేరే చెల్లుతుంది. దిద్దడం కంటే కొత్తది రాయడం తేలిక. అందులో ఇంతకు ముందు రాసిన వీలునామాలన్నీ రద్దు అని ఒక వాక్యం చేర్చండి.

సాక్షులు లేకుండా సొంత దస్తూరీ ఒక్కటే చాలే సందర్భం ఈ చట్టంలో ఒకటుంది. యుద్ధంలో ఉన్న సైనికుడు, వైమానిక సైనికుడు, సముద్రం మీద ఉన్న నావికుడు మొత్తం తన చేత్తో రాస్తే సంతకమూ సాక్షులూ లేకపోయినా ఫర్వాలేదని 65, 66 సెక్షన్లు చెబుతాయి. ఇంట్లో కూర్చుని రాసుకునే మనకు ఆ మినహాయింపు లేదు.

మీ బీరువాలోనో, మీ అమ్మానాన్నల పెట్టెలోనో చేత్తో రాసిన వీలునామా ఉంటే ఈ వారమే బయటికి తీసి కింది భాగం చూడండి. రెండు సంతకాలు ఉన్నాయో లేదో చూసి ఊరుకోవద్దు. ఆ ఇద్దరూ ఎక్కడ కూర్చుని పెట్టారో, అప్పుడు రాసినవారు ఎదురుగా ఉన్నారో లేదో అడగండి. ఒక్క సంతకం వేరే చోట పెట్టించిందని తేలినా ఆ కాగితాన్ని సరిదిద్దే ప్రయత్నం చేయకండి. రాసినవారు బతికి, తెలివిలో ఉండగానే కొత్త తేదీతో మళ్లీ రాయించి, ఇద్దరు సాక్షుల్నీ పిలిచి వారి ఎదుట సంతకాలు పెట్టించండి.